లాంగ్లీ గారి పదహారు వరుసలు

1967లో అమెరికా స్టాటిస్టికల్ అసోసియేషన్ వారి పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినాయన జేమ్స్ లాంగ్లీ. ఆయనది అక్కడి కార్మిక గణాంకాల శాఖలో ఉద్యోగం. వ్యాసంలో కొత్త సిద్ధాంతం ఏమీ లేదు. ఒక చిన్న పట్టిక తీసుకుని, కనిష్ఠ వర్గాల పద్ధతిలో (మనం లీస్ట్ స్క్వేర్స్ అంటామే, అదే) డెస్క్ కాలిక్యులేటర్ మీద ఓపిగ్గా బోలెడన్ని అంకెల దాకా లెక్క కట్టాడు. అదే పట్టికను అప్పట్లో అందరూ వాడుతున్న రిగ్రెషన్ ప్రోగ్రాములకి ఇచ్చి, వాటి జవాబుల్ని తన జవాబు పక్కన పెట్టి చూపించాడు. కొన్నింటి జవాబుల్లో మొదటి అంకె కూడా కలవలేదు.

ఒక్కసారి ఊహించుకోండి. లక్షల డాలర్ల యంత్రం, గదంతా ఆక్రమించుకుని కూర్చున్నది, ఎనిమిది అంకెలు చక్కగా అచ్చు వేసి ఇస్తుంది. ఆ ఎనిమిదిలో ఒక్కటీ నిజం కాదు. ఎర్ర దీపం వెలగదు, గంట మోగదు. ఆ అంకెల మీద ఆధారపడి ఎవరో ఎక్కడో ఉద్యోగాల గురించి ఒక నివేదిక రాసేస్తారు.

నేను మాస్టర్స్ చేసే రోజుల్లో న్యూమరికల్ ఎనాలిసిస్ క్లాసులో ఇదంతా ఒకే ఒక్క వాక్యంలో అయిపోయింది: "నార్మల్ ఈక్వేషన్స్ వాడితే కండిషన్ నంబరు వర్గం అవుతుంది, అందుకని క్యూఆర్ వాడండి." పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. వర్గం అయితే ఏమవుతుందో చేత్తో లెక్క కట్టి చూసింది మాత్రం ఆ తరవాత చాలా ఏళ్ళకి. కాగితం, పెన్సిలు ఉంటే చాలు, మీరూ చూడొచ్చు. లాంగ్లీ గారి పట్టికే తీసుకుందాం.

పట్టికలో 1947 నుంచి 1962 దాకా పదహారు సంవత్సరాలు, అంటే పదహారు వరుసలు. కనుక్కోవలసింది ఏటా ఎంతమందికి ఉద్యోగాలున్నాయన్నది. దాన్ని వివరించడానికి ఆరు కాలమ్‌లు: ధరల సూచీ, స్థూల జాతీయోత్పత్తి, నిరుద్యోగులు, సైన్యంలో ఉన్నవాళ్ళు, పద్నాలుగేళ్ళు దాటిన జనాభా, చివరగా సంవత్సరం. వీటికి తోడు అన్నీ ఒకట్లే ఉన్న కాలమ్ ఒకటి కలుపుకోవాలి, స్థిరాంకం కోసం. మొత్తం ఏడు.

ముందు ఐదింటినీ పక్కన పెట్టేద్దాం. ఒకట్ల కాలమ్, సంవత్సరం కాలమ్, ఈ రెండే చాలు. అంటే ఉద్యోగాలు = a + b × సంవత్సరం అనే ఒక గీత గియ్యాలి. పదో తరగతి గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి గీసేదే.

నార్మల్ ఈక్వేషన్స్ పద్ధతి ఏమంటుందంటే, ప్రతి కాలమ్‌నీ ప్రతి కాలమ్‌తో గుణించి కూడమంటుంది. ఒకట్లని ఒకట్లతో గుణించి కూడితే 16. ఒకట్లని సంవత్సరాలతో గుణిస్తే సంవత్సరాల మొత్తం, 31272. సంవత్సరాల వర్గాల మొత్తం 6,11,21,464. ఈ మూడు సంఖ్యలూ చేతికొచ్చాక అసలు పట్టికతో పని లేదు. గీత వాలు, అంటే b, కావాలంటే చివరికి ఒక భాగహారం చెయ్యాలి. దాని హారం ఇది:

```
16 × 61121464 − 31272²
= 977943424 − 977937984
= 5440
```

ఆ రెండు సంఖ్యల్నీ మళ్ళీ చూడండి. తొమ్మిదేసి అంకెలు. మొదటి నాలుగూ ఒకటే, ఐదోది కూడా ఒక్కటే తేడా. తీసేస్తే మిగిలింది నాలుగంకెల సంఖ్య. అసలు సమాచారమంతా ఆ చివరి నాలుగంకెల్లోనే ఉంది, ముందున్నదంతా కొట్టుకుపోయే సరుకు.

ఇప్పుడు మీ యంత్రానికి ఆరు అంకెలే గుర్తుంటాయనుకోండి. వర్గాల మొత్తం 6,11,21,500 అని గుండ్రం చేసుకుంటుంది. పదహారుతో గుణిస్తే 97,79,44,000. రెండోది 97,79,38,000. తేడా 6000. రావలసింది 5440, పది శాతం తప్పు. ఐదు అంకెల యంత్రమైతే రెండూ 97,79,40,000 అవుతాయి. తేడా సున్నా! హారం సున్నా అంటే గీతే లేదన్నమాట. గ్రాఫు కాగితం మీద స్కేలుతో గియ్యగలిగిన గీత, ఐదంకెల యంత్రానికి గియ్యడం రాలేదు.

అదే ఐదంకెల యంత్రంతో ఇంకో రకంగా చేద్దాం. సంవత్సరాల సగటు 1954.5. సరిగ్గా ఐదంకెలే. ప్రతి సంవత్సరం లోంచీ దాన్ని తీసేస్తే −7.5, −6.5, అలా 7.5 దాకా వస్తాయి. వాటి వర్గాలు కూడితే 340. పదహారుతో గుణిస్తే 5440. ఒక్క అంకె కూడా పోలేదు.

కిటుకు ఎక్కడుందో చూశారా? వర్గం చెయ్యడంలో తప్పు లేదు, రెండోసారి కూడా వర్గం చేశాం. తీసివెయ్యడం కన్నా ముందు వర్గం చెయ్యడంలో ఉంది తప్పంతా. 1947కీ 1962కీ తేడా నాలుగంకెల సంఖ్యల్లో చివరి రెండంకెల్లో ఉంది. వర్గం చేస్తే అది ఏడంకెల సంఖ్యల్లో ఎక్కడో లోపలికి వెళ్ళిపోతుంది. అక్కడ గుండ్రం చేసేస్తే ఆ తరవాత ఎంత తెలివైన పద్ధతి వాడినా తిరిగి రాదు. నార్మల్ ఈక్వేషన్స్‌ని పరిష్కరించే తీరులో లోపం లేదు. వాటిని రాసుకునేటప్పుడే నష్టం జరిగిపోయింది.

సగటు తీసెయ్యడం అన్నాను కదా, క్యూఆర్ చేసేది సరిగ్గా అదే, కాస్త పెద్ద ఎత్తున. మొదటి కాలమ్ ఒకట్లు. రెండో కాలమ్‌లో మొదటి కాలమ్ పోలిక ఎంత ఉందో అంత తీసెయ్యి అంటుంది. ఒకట్ల పోలిక అంటే సగటే. మూడో కాలమ్ లోంచి మొదటి రెండింటి పోలికా తీసెయ్యి, నాలుగో దాంట్లోంచి మూడింటివీ, అలా చివరిదాకా. మిగిలే కాలమ్‌లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, అది క్యూ. ఎంతెంత తీసేశామో రాసుకున్న పద్దు త్రిభుజాకారంలో ఉంటుంది, అది ఆర్. ఆ త్రిభుజం కింద నుంచి పైకి ఒక్కొక్క తెలియని రాశినీ విప్పుకుంటూ వస్తే జవాబు వచ్చేస్తుంది. A ని తనతో తాను గుణించడమన్న మాటే లేదు.

కండిషన్ నంబరు అంటే ఏమిటో ఇప్పుడు చెప్పడం తేలిక. కాలమ్‌లు ఒకదానికొకటి ఎంత దగ్గర దిక్కులో ఉన్నాయో చెప్పే కొలత అది. లంబంగా ఉంటే 1. దాదాపు ఒకే దిక్కులో ఉంటే చాలా పెద్దది. మన రెండు కాలమ్‌లకీ, పొడవులు సమానం చేశాక, అది సుమారు 848. దీన్ని అంకెల్లో చదువుకోవాలి: 848 అంటే మూడు అంకెలు పోతాయి. AᵀA కి అది వర్గమై సుమారు 7,19,000 అవుతుంది, అంటే దాదాపు ఆరు అంకెలు పోతాయి. ఆరంకెల యంత్రంలో ఒకటి మిగిలీ మిగలక, ఐదంకెల యంత్రంలో ఏమీ మిగలక పోవడం ఇందాక కళ్ళారా చూశాం.

ఇప్పుడు ఆ ఐదు కాలమ్‌లనీ తిరిగి తీసుకురండి. జనాభా ఏటా పెరిగేదే. జాతీయోత్పత్తి పెరిగేదే. ధరలు, చెప్పక్కర్లేదు. ఈ మూడూ సంవత్సరం వెనకాలే గొర్రెల మందలా నడుస్తాయి. ఏడు కాలమ్‌లకీ కలిపి కండిషన్ నంబరు, పొడవులు సమానం చేశాక కూడా, సుమారు 43 వేలు. అప్పటి ఐబీఎం 7094లో ఒక సంఖ్యకి 36 బిట్లు, అందులో అంకెల కోసం 27, అంటే ఎనిమిది దశాంశ అంకెలు. 43 వేలంటే నాలుగున్నర అంకెలు పోతాయి, మూడో మూడున్నరో మిగులుతాయి. దాని వర్గం సుమారు 190 కోట్లు, తొమ్మిదంకెలు పైన పోతాయి. ఉన్నవే ఎనిమిది! లాంగ్లీ గారు చూసింది మర్మమేమీ కాదు, ఈ తీసివేతే.

మరి అంతమంది తెలివైనవాళ్ళు ఆ పద్ధతే ఎందుకు పట్టుకున్నారు? దానికి కారణాలున్నాయి, చిన్నచూపు చూడకూడదు. 1805లో లెజాండ్ర్ అచ్చు వేసినప్పుడూ, 1809లో గౌస్ గ్రహగతుల పుస్తకంలో రాసినప్పుడూ లెక్క కట్టేది మనిషి. వందల పరిశీలనలున్నా నార్మల్ ఈక్వేషన్స్ మాత్రం తెలియని రాశులెన్నో అన్నే. మనిషికి అది వరం. పైగా మనిషి రెండు పెద్ద సంఖ్యలు తీసివేసేటప్పుడు అంకెలు ఎగిరిపోవడం కళ్ళతో చూస్తాడు, ఇంకో నాలుగంకెలు ఎక్కువ పెట్టుకుని మళ్ళీ చేస్తాడు. షోలెస్కీ అని ఒక ఫ్రెంచి సైనికాధికారి భూమి సర్వేల కోసం ఈ సమీకరణాల్ని విప్పే చక్కటి పద్ధతి కనిపెట్టాడు. ఆయన 1918లో యుద్ధంలో చనిపోతే 1924లో తోటి అధికారి దాన్ని అచ్చు వేయించాడు. ఇవాళ్టికీ అందరూ వాడేదే.

కంప్యూటర్లు వచ్చాక ఇంకో కారణం తోడైంది. పంచ్ కార్డులు ఒక్కొక్కటే చదివి, మొత్తాలు కూడుకుంటూ పోతే, పట్టికంతా జ్ఞాపకంలో పెట్టుకోనక్కర్లేదు. ఏడు కాలమ్‌లకి ఏడేళ్ళు నలభై తొమ్మిది గళ్ళు చాలు, కార్డులు పదహారైనా పదహారు వేలైనా. లెక్క కూడా పొడుగాటి పట్టికలకి క్యూఆర్‌లో సగమే. అలా మనిషి పద్ధతిని యథాతథంగా యంత్రంలోకి ఎక్కించారు. పోతున్న అంకెల్ని చూసే కళ్ళు మాత్రం ఎక్కలేదు.

నిజానికి మందు అప్పటికే ఉంది. 1958లో హౌస్‌హోల్డర్ అద్దంలో ప్రతిబింబంలా కాలమ్‌లని తిప్పే పద్ధతి చూపించాడు. తీసివేతలు చేసుకుంటూ పోవడం కన్నా అది గట్టిది. 1965లో జీన్ గోలబ్ దాన్ని లీస్ట్ స్క్వేర్స్‌కి ఎలా వాడాలో రాశాడు. అదే ఏడు కాహన్‌తో కలిసి ఎస్వీడీని యంత్రం మీద లెక్క కట్టే దారీ వేశాడు, 1970లో రైన్ష్‌తో కలిసి ప్రోగ్రామే ఇచ్చేశాడు. (గోలబ్ గారి కారు నంబరు ప్లేటు మీద ప్రొఫెసర్ ఎస్వీడీ అని ఉండేది. కాలిఫోర్నియాలో డబ్బు కడితే అలాంటివి ఇస్తారు లెండి.) లాంగ్లీ వ్యాసం వచ్చేనాటికి ఇవి గణిత పత్రికల్లో ఉన్నాయి, ప్రోగ్రాములు రాసేవాళ్ళ బల్లల మీద లేవు. లాంగ్లీ మాత్రం విషయాన్ని వదల్లేదు, 1984లో లంబ పద్ధతుల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

ఎస్వీడీ ఎందుకు మరి, క్యూఆర్ ఉండగా? కాలమ్‌లు దాదాపు ఒకే దిక్కులో ఉంటే క్యూఆర్ చాలు. నిజంగానే ఒకటి మిగతావాటి కలయిక అయిపోతే, లేదా అయిందో లేదో తెలియకపోతే, ఎస్వీడీ పనికొస్తుంది. అది పట్టికని లంబమైన దిక్కులుగా విడదీసి, ఒక్కో దిక్కులో ఎంత బలముందో చెబుతుంది. బలం బొత్తిగా లేని దిక్కుని ఏం చెయ్యాలన్నది మీ ఇష్టం. ఖర్చు ఎక్కువ. ఈ "నిజంగానే ఒకటే అయిపోవడం" దగ్గర మన సి.ఆర్.రావు గారు కనిపిస్తారు. తెలుగు కుటుంబం, ఆంధ్రా యూనివర్శిటీలో లెక్కల ఎమ్మే. 1955లో "సాంఖ్య" పత్రికలో, నార్మల్ ఈక్వేషన్స్ మాతృకకి విలోమమే లేని సందర్భంలో దాని బదులు ఏం వాడాలో రాశారు. 1962లో దాన్ని సాధారణీకరించారు. జనరలైజ్డ్ ఇన్వర్స్ అని ఇవాళ పుస్తకాల్లో చదివేది అదే. ఆయన ప్రశ్న వేరు, సున్నా నిజంగా సున్నా అయినప్పుడేం చెయ్యాలన్నది. లాంగ్లీది సున్నా కానిది యంత్రంలో సున్నా అయిపోతే ఎలా అన్నది. అయినా ఇద్దరూ వచ్చి నిలబడింది ఒకే గుమ్మం ముందు.

ఇక్కడితో క్యూఆర్‌కి దండ వేసేస్తే బాగుండేది, కానీ కథకి ఇంకో మలుపుంది. 1966లో గోలబ్, విల్కిన్సన్ ఇద్దరూ ఒక చేదు నిజం చూపించారు. గీతకీ చుక్కలకీ మధ్య మిగిలే దూరాలు పెద్దవైతే, కండిషన్ నంబరు వర్గం సమస్యలోనే ఉంటుంది, పద్ధతిలో కాదు. అప్పుడు క్యూఆర్ కూడా దాన్ని తప్పించలేదు. గీత చుక్కల్ని దగ్గరగా తాకుతూ పోతేనే క్యూఆర్ లాభం పూర్తిగా దక్కుతుంది.

రెండోది ఇంకా చేదు. 1976లో బీటన్, రూబిన్, బరోన్ అని ముగ్గురు లాంగ్లీ పట్టికనే తీసుకుని, అంకెలు అచ్చు వేసేటప్పుడు గుండ్రం చేసిన మేరకు యాదృచ్ఛికంగా అటూ ఇటూ కదిపి, మళ్ళీ మళ్ళీ లెక్క కట్టారు. గుణకాలు విపరీతంగా ఊగిపోయాయి. అంటే లాంగ్లీ గారు చెమటోడ్చి సాధించిన ఆ పది, పన్నెండు అంకెలు ఆ అచ్చయిన పట్టికకి మాత్రమే సరైనవి, దాని వెనకున్న అమెరికాకి కాదు. "మరి ఇంకెందుకీ క్యూఆర్ గొడవ?" అని మీరడగొచ్చు. నా సమాధానం ఇది: పట్టిక వణుకుతోందని తెలియాలంటే ముందు తాసు వణకకూడదు. నార్మల్ ఈక్వేషన్స్ వాడి గుణకం తప్పొస్తే, తప్పు డేటాదో లెక్కదో చెప్పే దారి లేదు. ఆ ముగ్గురు చేసిన ప్రయోగం కూడా నమ్మదగిన లెక్క చేతిలో ఉంటేనే అర్థవంతం.

ఇవాళ డబుల్ ప్రెసిషన్‌లో పదహారు అంకెలు మామూలు. లాంగ్లీ పట్టికకి నార్మల్ ఈక్వేషన్స్ వాడినా తొమ్మిది పోయి ఏడు దాకా మిగులుతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వారి పరీక్షల్లో ఇంతకన్నా మొండిది ఒకటుంది, ఫిలిప్ అని. 82 పరిశీలనలు, పదో డిగ్రీ బహుపది. అక్కడ డబుల్‌లో కూడా నార్మల్ ఈక్వేషన్స్ చేతులెత్తేస్తాయి. ఆర్ భాషలోని lm క్యూఆరే వాడుతుంది గానీ, మామూలు సెట్టింగులతో ఇస్తే ఒక కాలమ్‌ని పక్కన పడేసి గుణకం దగ్గర NA అని రాస్తుంది. నాకది నచ్చుతుంది. తెలియదని చెప్పడం, తప్పు చెప్పడం కన్నా మర్యాద. ఎక్సెల్‌లో LINEST క్యూఆర్‌కి మారింది 2003 వెర్షన్‌లో, గోలబ్ వ్యాసం తరవాత ముప్ఫై ఎనిమిదేళ్ళకి.

కన్సల్టింగ్‌లో ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాములు చేతికొస్తుంటాయి, లోపల ఏ పద్ధతి ఉందో రాసినవాళ్ళకే గుర్తుండదు. అలాంటప్పుడు నేను చేసే పరీక్ష ఒకటే. సంవత్సరం కాలమ్ లోంచి 1900 తీసేసి మళ్ళీ నడపడం. కాలమ్‌ని పక్కకి జరిపితే వాలు మారకూడదు, స్థిరాంకం ఒక్కటే మారాలి. లాంగ్లీ పట్టిక ఆర్‌లో ముందే ఉంటుంది (ఉద్యోగాలు లక్షల్లో కాదు, మిలియన్లలో):

```
coef(lm(Employed ~ ., data = longley))
coef(lm(Employed ~ . - Year + I(Year - 1900), data = longley))
```

రెండింటిలోనూ సంవత్సరం గుణకం 1.829151 అనే రావాలి, వస్తుంది. స్థిరాంకం మాత్రం −3482.259 నుంచి −6.871కి దిగుతుంది. ఆ మొదటి సంఖ్యకి అర్థం తెలుసా? మిగతావన్నీ సున్నా అయితే, సంవత్సరం సున్నాలో, అంటే క్రీస్తు పుట్టిన రోజుల్లో, అమెరికాలో ఎన్ని ఉద్యోగాలున్నాయన్నది. మైనస్ మూడు వందల నలభై ఎనిమిది కోట్లు! పదహారేళ్ళ గీతని రెండు వేల ఏళ్ళు వెనక్కి లాగినందుకు వచ్చిన అంకె అది. మీ దగ్గరున్న ప్రోగ్రాములో ఈ రెండు పరుగుల్లో సంవత్సరం గుణకం మూడో అంకె దగ్గరే తేడా పడితే, లోపల AᵀA ఉందని అనుమానించండి. షోలెస్కీ మధ్యలో "మాతృక ధనాత్మకం కాదు" అని ఆగిపోయినా అదే అనుమానం. A కాలమ్‌లలో ఏదీ మిగతావాటి కలయిక కాకపోతే AᵀA ధనాత్మకం కాకుండా ఉండలేదు, గుండ్రం చేస్తే తప్ప.